కాలనీ క్లీనింగ్‌కి జనాన్ని పిలిచే క్యాప్షన్ ఎలా రాయాలి?

ప్రశ్న: మా కాలనీ అసోసియేషన్‌కి ఈ మధ్యే సెక్రటరీ అయ్యాను. వచ్చే నెల ఒక ఆదివారం అందరం కలిసి కాలనీ శుభ్రం చేద్దామనుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపులో ఫోటోతో పాటు పెట్టడానికి క్యాప్షన్ ఎలా రాయాలి? చోటు, టైము, ఏం తెచ్చుకోవాలో అన్నీ రావాలి, కానీ చాంతాడంత ఉండకూడదు. పోయినసారి పెట్టినప్పుడు బొటనవేళ్లు అరవై వచ్చాయి, మనుషులు ఎనిమిది మందే వచ్చారు.

సమాధానం:

ముందు క్యాప్షన్ ఇచ్చేస్తాను. కాపీ చేసుకుని మీ వివరాలు పెట్టుకోండి. నక్షత్రం గుర్తులు అలాగే ఉంచండి, వాట్సాప్‌లో వాటి మధ్య మాటలు లావుగా కనిపిస్తాయి.

```
*ఆదివారం, జూలై 12. ఉదయం 6:45 నుంచి 8:30 వరకు.*
*చోటు:* వాటర్ ట్యాంకు వెనక ఖాళీ ప్లాటు. మూడో రోడ్డు చివర వేపచెట్టు కింద కలుద్దాం.
*పని:* ప్లాస్టిక్, సీసాలు ఏరి బస్తాల్లో నింపడం, వయ్యారిభామ మొక్కలు పీకడం. డ్రైనేజీ జోలికి వెళ్లం.
*మీరు తెచ్చుకునేవి:* కాలికి బూట్లు, పొడుగు చేతుల చొక్కా, తాగే నీళ్లు. ఇంట్లో ఉంటే పాత బియ్యం సంచి ఒకటి.
*మేం ఇచ్చేవి:* గ్లోవ్స్, మాస్కులు, పారలు, చీపుర్లు, చివర్లో టీ.
పదేళ్లు దాటిన పిల్లలు అమ్మానాన్నలతో రావచ్చు. ఆస్తమా, చర్మం ఎలర్జీ ఉన్నవాళ్లు మొక్కలు పీకే వైపు రావద్దు.
వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా కింద ఇంటి నంబరు, ఎంతమందో రాయండి. (ఉదా: 42, ఇద్దరు)
వాన పడితే ఆదివారం ఉదయం 6 గంటలకు ఇక్కడే చెబుతాం.
```

ఇంతే. "స్వచ్ఛత మన బాధ్యత" లేదు, దండం పెట్టే బొమ్మల్లేవు, అధ్యక్షుల వారి పేరు లేదు. అధ్యక్షుల వారికి కోపం వస్తే చివర ఒక లైను కలపండి, మొదట్లో మాత్రం వద్దు. ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. పెద్ద మెసేజ్ అయితే మిగతాది "ఇంకా చదవండి" కిందికి పోతుంది, దాన్ని నొక్కేవాళ్లు తక్కువ. ఆ మొదటి లైను సూక్తికి ఇచ్చేస్తే రోజు, టైము కిందికి జారిపోతాయి.

నేను హైదరాబాద్‌లో 140 ఇళ్లున్న ఒక కాలనీలో ఆరేళ్లుగా ఈ పని చూస్తున్నాను. మొదటిసారి నేను రాసిన క్యాప్షన్ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది: "ఈ ఆదివారం ఉదయం మన కాలనీలో స్వచ్ఛ కార్యక్రమం. అందరూ తప్పక పాల్గొని విజయవంతం చేయగలరు." మీకొచ్చిన ఫలితమే నాకూ వచ్చింది. వచ్చిన తొమ్మిది మందిలో నలుగురు కమిటీ వాళ్లే. తర్వాత రాని వాళ్లను ఒక్కొక్కరినే అడిగితే బద్ధకం అన్నవాళ్లు ఎవరూ లేరు. "ఎక్కడికి రావాలో తెలీలేదు", "ఎంతసేపు పడుతుందో తెలీలేదు", "మా దగ్గర పార లేదు కదా అని", "నేనొక్కదాన్నే ఉంటానేమో అని". అప్పటి నుంచి క్యాప్షన్‌లో ప్రతి లైనూ ఇలాంటి ఒక సాకుకి జవాబుగానే రాస్తున్నాను.

చోటు ఒక్కటే ఉండాలి, అది కంటికి కనపడేదై ఉండాలి. "మన కాలనీ" అంటే చోటు కాదు. కాలనీ మొత్తం ఊడవాలంటే ఎవడికైనా గుండె జారిపోతుంది, వచ్చినా ఎవరికి తోచిన వైపు వాళ్లు వెళ్తారు, రెండు గంటల తర్వాత చూస్తే ఎక్కడా తేడా కనపడదు. ఒక్క ప్లాటు పెట్టండి. మా లెక్కలో 200 గజాల ఖాళీ ప్లాటు, మోకాలెత్తు పిచ్చిమొక్కలు, మధ్య మధ్యలో కవర్లు, సీసాలు ఉంటే పదిహేను, ఇరవై మందికి గంటన్నర పని. ఒకసారి ముప్పై ఒక్క మంది వచ్చారు, అది ఇంకో రకం అవస్థ. పారలు తొమ్మిదే ఉన్నాయి, సగం మంది చేతులు కట్టుకుని నిలబడి రాజకీయాలు మాట్లాడుకున్నారు. ఆ ముప్పై ఒక్క మందిలో తర్వాతిసారి వచ్చింది పద్నాలుగు మందే. పని దొరకని వాళ్లు మళ్లీ రారు.

పని చేసే చోటు వేరు, కలిసే చోటు వేరు, రెండూ రాయాలి. "పార్కు దగ్గర" అని రాస్తే సరిపోతుందనుకున్నాను ఒకసారి. మా పార్కుకి రెండు గేట్లు. పావుగంట పాటు సగం మంది ఒక గేటు దగ్గర, సగం మంది ఇంకో గేటు దగ్గర, ఎవరూ రాలేదనుకుని ఒకరినొకరు తిట్టుకున్నారు. ఒక గేటు దగ్గరున్న ఇద్దరు ఇంటికి వెళ్లిపోయారు కూడా. ఇంకో సంగతి, పాతవాళ్లు గుర్తులు చెప్పే తీరు కొత్తవాళ్లకు అర్థం కాదు. మా కాలనీలో ఒక ప్లాటుని ఇప్పటికీ "డాక్టరు గారి ప్లాటు" అంటారు. ఆ డాక్టరు గారు దాన్ని అమ్మేసి పదేళ్లు దాటింది. పోయిన ఏడాది అద్దెకొచ్చిన వాళ్లకు ఆ పేరు ఎలా తెలుస్తుంది? అందుకే రోడ్డు మీద నుంచి కనపడే గుర్తు ఒకటి రాయండి, చెట్టో ట్యాంకో గుడో. క్యాప్షన్ కిందనే లొకేషన్ పిన్ కూడా పంపండి, కానీ పిన్ ఉందని మాటల్లో గుర్తు రాయడం మానొద్దు, పెద్దవాళ్లు పిన్ నొక్కరు.

ఖాళీ ప్లాటు అంటే ఎవరిదో ఒకరిది అని మర్చిపోవద్దు. క్యాప్షన్ పెట్టక ముందే యజమానికి ఫోన్ చేసి చెప్పండి. మేం ఒకసారి చెప్పలేదు. ఏడున్నరకి ఆయన స్కూటర్ మీద వచ్చి "నా జాగాలో మీకేం పని, ఎవరు చెప్పారు మీకు" అన్నారు. పాపం ఆయన భయం ఆయనది, కబ్జా అనుకున్నారు. విషయం చెప్పాక చల్లబడి ఇరవై నిమిషాలు ఆయన కూడా బస్తా పట్టుకున్నారు, అది వేరే సంగతి. కానీ ఆ పది నిమిషాలు అందరి మూడ్ పోయింది.

మొదలుపెట్టే టైము కన్నా ముగించే టైము ముఖ్యం. చాలామంది "ఉదయం 7 గంటలకు" అని వదిలేస్తారు. చదివేవాళ్లకు అది "ఆదివారం పొద్దున మొత్తం పోయినట్టే" అని వినిపిస్తుంది. 2023 అక్టోబరు 1న దేశమంతా శ్రమదానం పెట్టినప్పుడు దానికి "ఒక తారీఖు, ఒక గంట, కలిసి" అనే అర్థం వచ్చేలా హిందీలో పేరు పెట్టారు, గుర్తుందా? పొద్దున పది గంటలకు, గంటసేపు. ఆ కార్యక్రమం ఎక్కడ ఎలా జరిగిందన్నది పక్కన పెట్టండి, ఆ పేరులోనే రోజు, ఎంతసేపు అన్న రెండూ ఇమిడిపోయాయి. క్యాప్షన్ రాసేవాడు నేర్చుకోవాల్సింది అదే. ముగింపు టైము రాశాక పని మిగిలిపోయినా ఆ టైముకి నిజంగా ఆపేయండి. ఎనిమిదిన్నర అని చెప్పి తొమ్మిదింపావు దాకా లాగితే తర్వాతిసారి మీరు ఏం రాసినా నమ్మరు.

మీ కాలనీకి ఏ టైము కుదురుతుందో నేను చెప్పలేను గానీ, చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నల్లా నీళ్లు ఏ రోజు ఎన్నింటికి వస్తాయో చూడండి. మాకు రోజు మార్చి రోజు వస్తాయి, నీళ్లొచ్చే పొద్దున ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరూ ఇల్లు వదలరు, సంపు నిండాలి. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు ఎక్కువుంటే ఎనిమిదిన్నర దాటనివ్వొద్దు. మటన్ షాపు సంగతి నవ్వులాటకి చెప్పడం లేదు, ఎనిమిది దాటితే లైను పెరుగుతుందని మధ్యలో జారుకున్నవాళ్లను నేను లెక్కపెట్టాను. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఆరుకే మొదలుపెట్టి ఏడున్నరకి ఆపేయండి, ఆ తర్వాత ఎండలో వంగి పని చేయడం పెద్దవాళ్లకు ప్రమాదం. ఆంధ్రలో ఉన్నవాళ్లయితే ఇంకోటి చూసుకోండి, అక్కడ నెలలో మూడో శనివారం స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమం నడుస్తోంది కాబట్టి ఆ రోజుకి దగ్గరగా పెట్టుకుంటే మున్సిపాలిటీ వాళ్లను ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

తేదీ, వారం రెండూ రాయండి, రెండూ కలుస్తున్నాయో లేదో క్యాలెండర్ చూసి మరీ రాయండి. ఒకసారి నేను "ఆదివారం 15" అని రాశాను, 15 సోమవారం. వాట్సాప్‌లో పంపిన మెసేజ్ దిద్దుకోవడానికి పదిహేను నిమిషాలే టైము ఉంటుంది. నేను చూసుకునేసరికి అరగంట దాటింది, అప్పటికే దాన్ని రెండు బ్లాకుల గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేసేశారు. సవరణ పంపినా పాతదే తిరుగుతుంది. పంపే ముందు ఇంట్లో ఒకరికి చూపించి "ఎప్పుడు, ఎక్కడ, ఏం పట్టుకెళ్లాలి" అని అడగండి. వాళ్లు పైకి స్క్రోల్ చేయకుండా చెప్పగలిగితే పంపేయొచ్చు.

ఇప్పుడు ఏం తెచ్చుకోవాలి అన్నది. జనం రాకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం అవుతుందని నా అనుభవం. నా రెండో ఏడాది క్యాప్షన్‌లో "గ్లోవ్స్, మాస్క్, శానిటైజర్, పార, తట్ట, చీపురు వెంట తెచ్చుకోగలరు" అని రాశాను. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ల దగ్గర పార ఎక్కడిది? ఆరు వస్తువుల్లో నాలుగు ఇంట్లో లేకపోతే మనిషి ఏం చేస్తాడు, "మనకు కుదరదులే" అనుకుని ఫోను పక్కన పెడతాడు. చీపురు సంగతి ఇంకా ఉంది. మా పక్క వీధి ఆంటీ మొహం మీదే చెప్పేశారు, "చీపురు లక్ష్మీదేవి నాయనా, బయట చెత్తలో ఊడవడానికి ఎలా ఇస్తాను?" అని. ఇచ్చినవాళ్ల చీపుర్లేమో తారుమారయ్యాయి, కొత్తది ఇచ్చినవాళ్లకు అరిగిపోయింది వెళ్లింది, దాని మీద వారం రోజులు గొణుగుడు.

కాబట్టి నియమం ఒకటే పెట్టుకోండి. ఒంటి మీద వేసుకునేది, ఇంట్లో ఊరికే పడి ఉండేది మాత్రమే వాళ్లను తెమ్మనండి. పనిముట్లు అసోసియేషన్ కొనాలి. మేం కొన్నవి ఇవి: కొబ్బరి ఈనెల చీపుర్లు పన్నెండు, పారలు మొదట తొమ్మిది, తర్వాత ఇంకో మూడు, తట్టలు ఆరు, ఇనుప పళ్లున్న రేక్‌లు నాలుగు, పట్టకార్లు రెండు. అన్నీ ఒకేసారి కొనలేదు, రెండేళ్లు పట్టింది. కర్రల మీద నాలుగు వేళ్ల వెడల్పున ఎర్ర పెయింట్ పట్టీ వేశాం, ఎవరింటికి చేరినా మాదేనని తెలియాలి కదా.

గ్లోవ్స్ మాత్రం హార్డ్‌వేర్ షాపులో దొరికే రకం కొనండి, పైన నూలు, అరచేతి వైపు రబ్బరు పూత ఉంటుంది. మెడికల్ షాపులో డబ్బాలో వచ్చే పల్చటివి సర్కారు తుమ్మ ముల్లు తగిలితే మొదటి నిమిషంలోనే చిరుగుతాయి, గాజుపెంకుకి అసలు అడ్డే కావు. మందపాటివైనా సరే, పెంకుల కుప్పలో చెయ్యి పెట్టకూడదు. పగిలిన సీసాలను పట్టకారుతో తీసి ఖాళీ పెయింట్ బకెట్‌లో వేయాలి. బస్తాలో వేస్తే దాన్ని భుజానికెత్తుకున్నవాడి వీపు తెగుతుంది. ఇది మా దగ్గర జరిగింది, మూడు కుట్లు పడ్డాయి. తప్పు పూర్తిగా మాదే, బకెట్ ఉంది కానీ దేనికో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు బకెట్ మీద "గాజు" అని మార్కర్‌తో రాస్తున్నాం.

క్యాప్షన్‌లో "బూట్లు" అని రాయడం మర్చిపోకండి. "సరైన పాదరక్షలు" అంటే అందరూ చెప్పులే వేసుకొస్తారు. తుమ్మ ముల్లు హవాయి చెప్పుని దాటి పాదంలోకి దిగుతుంది. ఇటుకల కుప్పల కింద, తడి అట్టల కింద తేళ్లు, ఒక్కోసారి పాములు ఉంటాయి, అందుకే ఏదైనా ముందు రేక్‌తో కదిపి, ఆగి, తర్వాత తీయాలి. ఇది క్యాప్షన్‌లో రాయొద్దు, రాస్తే ఎవరూ రారు. వేపచెట్టు కింద కలిసినప్పుడు రెండు నిమిషాలు నోటితో చెప్పండి. దాచిపెట్టమని కాదు, ముట్టుకునే ముందు చెప్పి తీరాలి. వాడిన సూదులు, డైపర్లు కనపడితే ఎవరూ ముట్టుకోకుండా పట్టకారు ఉన్న మనిషిని పిలవాలని కూడా అప్పుడే చెప్పేస్తాను.

బియ్యం సంచి ఎందుకు అడుగుతున్నానంటే, నల్లటి చెత్త కవర్లు పుల్లలు గుచ్చుకుని చిరుగుతాయి. పాతిక కేజీల బియ్యం సంచి చిరగదు, మూతి కట్టడానికి వీలుగా ఉంటుంది, తెలుగువాళ్ల ఇంట్లో కనీసం రెండు మడతపెట్టి ఉంటాయి. నలభై దాకా పోగవుతాయి, కొనక్కర్లేదు.

వయ్యారిభామ గురించి ఒక మాట, ఎందుకంటే క్యాప్షన్‌లో ఎలర్జీ లైను ఎందుకు పెట్టావని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు, క్యారెట్ ఆకు లాంటి ఆకులు, చిన్న తెల్ల పూలు. తొలకరి పడగానే మొలుస్తుంది, నెల, నెలన్నరలో పూతకొస్తుంది, ఒక్క మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది. అందుకే జూన్ చివర, జూలై మొదట్లో పెట్టుకోవడం మంచిది, నేల తడిగా ఉంటుంది కాబట్టి వేరుతో సహా ఊడొస్తుంది. పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పూతకొచ్చాక పీకితే పుప్పొడి లేస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం రావొచ్చు. ఆకు రసం తగిలితే కొందరికి చేతుల మీద, మెడ మీద దురద, దద్దుర్లు వస్తాయి. మా పక్కింటాయన పొట్టి చేతుల టీషర్టుతో వచ్చి "ఏం కాదులే" అని పీకారు. సాయంత్రానికి మోచేతుల దాకా ఎర్రగా పొంగి, వారం రోజులు మందు రాసుకున్నారు. పొడుగు చేతుల చొక్కా ఫ్యాషన్ కోసం అడగడం లేదు. ఇంటికెళ్లాక ఆ బట్టలు మిగతా బట్టలతో కలపకుండా ఉతకమని కూడా చెబుతాను. ఆస్తమా ఉన్నవాళ్లను ఇంట్లో కూర్చోమనక్కర్లేదు, దూరంగా బల్ల వేసి పేర్లు రాయడం, గ్లోవ్స్ ఇవ్వడం, టీ చూసుకోవడం అప్పజెప్పండి. మా కాలనీలో ఒక రిటైర్డ్ టీచర్ గారు ఆ నోటుబుక్కు పని ఆరేళ్లుగా చేస్తున్నారు, ఎవరు ఏ పార తీసుకున్నారో ఆవిడకు తెలిసినట్టు నాకు తెలీదు.

"డ్రైనేజీ జోలికి వెళ్లం" అన్న లైను అనవసరం అనిపించవచ్చు. ఉత్సాహంలో ఎవరో ఒకరు "ఎలాగూ వచ్చాం కదా, ఆ మ్యాన్‌హోల్ మూత కూడా తీసి చూద్దాం" అంటారు. వద్దు. లోపలి వాయువుకి నిమిషాల్లో ప్రాణం పోతుంది, ప్రతి ఏడాదీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అది యంత్రాలతో, శిక్షణ ఉన్నవాళ్లు చేయాల్సిన పని, ఫిర్యాదు పెట్టి వదిలేయండి. అలాగే పీకిన మొక్కల కుప్పకు అగ్గిపుల్ల గీసేవాళ్లు తయారవుతారు, వాళ్లమీద ఒక కన్నేసి ఉంచండి. కవర్లు కలిసిన కుప్ప కాలిస్తే ఆ పొగ చుట్టుపక్కల ఇళ్లలోకే పోతుంది.

క్యాప్షన్‌లో కనపడదు గానీ, క్యాప్షన్ పెట్టే ముందే చెత్త బండి ఖాయం కావాలి. మూడో ఏడాది మా దగ్గర అన్నీ బాగా కుదిరాయి. ఇరవై రెండు మంది వచ్చారు, ముప్పై ఏడు బస్తాలు నిండాయి, ఫోటోలు దిగాం. బండి మాత్రం లేదు. డ్రైవర్‌కి వారం ముందు చెప్పాను, ముందు రోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి గుర్తు చేయాలని రాసుకుని మర్చిపోయాను. ఆదివారం ఆయన వేరే వీధికి వెళ్లారు. బస్తాలు రోడ్డు పక్కన పేర్చి వెళ్లిపోయాం. సోమవారం పొద్దునకి కుక్కలు సగం చింపేశాయి, మంగళవారం దాకా ఆ రోడ్డు ముందుకన్నా ఘోరంగా ఉంది. గ్రూపులో నాకు పడిన అక్షింతలు ఇక్కడ రాయను. ఇప్పుడు బండి ఎన్నింటికి వస్తుందో తెలుసుకున్నాకే ముగింపు టైము రాస్తున్నాను, బండి 8:15కి వస్తే పని 8:30కి ఆగుతుంది. ఇంకొకటి, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, మట్టి ఇంటింటి చెత్త బండి తీసుకోదు. వాటికి వేరే ఏర్పాటు ఉంటుంది, హైదరాబాద్‌లో అయితే జీడిమెట్ల, ఫతుల్లగూడ లాంటి చోట్ల వాటి కోసమే ప్లాంట్లు ఉన్నాయి. ఆ రోజు పెళ్లల జోలికి వెళ్లకుండా ఒక మూలకి నెట్టి ఉంచండి. ప్లాస్టిక్ బస్తాలు, ఆకులు మొక్కల బస్తాలు వేరువేరుగా కట్టండి, కలిపేస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇక ఆ బొటనవేళ్ల విషయం. వేలు నొక్కడం అంటే "చూశాను, మంచిదే" అని, "వస్తాను" అని కాదు. ఇంటి నంబరు రాయమంటే మనిషి ఒక్క క్షణం ఆలోచించి రాస్తాడు, రాశాక వస్తాడు. మా నోటుబుక్కులో పోయినసారి పద్నాలుగు ఇళ్ల వాళ్లు రాశారు, పన్నెండు ఇళ్ల నుంచి వచ్చారు, రాయని ముగ్గురు కూడా వచ్చారు. మొదటి రెండు ఇళ్ల నంబర్లు మీరే ముందు మాట్లాడి పెట్టించుకోండి, క్యాప్షన్ పడిన పది నిమిషాల్లో "42, ఇద్దరు" అని కింద కనపడాలి. ఒంటరిగా ఉంటానేమో అన్న భయం దాంతోనే పోతుంది. పోల్ పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ అందులో "చూస్తాను" అన్న గడి ఇవ్వొద్దు, అందరూ దాంట్లోకే వెళ్లి కూర్చుంటారు. శుక్రవారం రాత్రి లెక్క చూడండి. ఎనిమిది మందే రాస్తే చోటు తగ్గించేయండి, ప్లాటు ముందు సగం చాలు. ఎనిమిది మంది ముందు సగం అద్దంలా చేస్తే చూసేవాళ్లకు పని పూర్తయినట్టే కనపడుతుంది.

ఫోటో ఎలాంటిది పెట్టాలంటే, ఆ ప్లాటుదే పగటిపూట రోడ్డు మీద నిలబడి తీసినది. నెట్‌లో దొరికే చీపురు పట్టుకున్న కార్టూన్ పిల్లలు వద్దు, అవి చూస్తే మన కాలనీ అనిపించదు. తీసేటప్పుడు ఎవరి గేటూ, కారు నంబరూ, గోడా పడకుండా చూసుకోండి. ఒకసారి నేను పెట్టిన ఫోటోలో ఒకాయన కాంపౌండు గోడ పడింది. "చెత్త మేం వేశామని చెబుతున్నారా" అని రెండు రోజులు గ్రూపులో రగడ, క్లీనింగ్ సంగతి అందరూ మర్చిపోయారు. "చెత్త వేసేవాళ్లకు సిగ్గుండాలి" లాంటి మాటలు కూడా అంతే, వేసేవాడు చదవడు, మిగతావాళ్లు కొట్టుకుంటారు.

పంపే రోజు బుధవారం, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, భోజనాలకు ముందు ఫోను చూసే టైము. పంపి, వారం రోజులకు పిన్ చేసేయండి, లేకపోతే గుడ్ మార్నింగ్ పూల కింద కూరుకుపోతుంది. రోజూ మళ్లీ మొత్తం క్యాప్షన్ వేయొద్దు, విసుగు. శనివారం సాయంత్రం రెండే లైన్లు: "రేపు 6:45, వేపచెట్టు. ఇప్పటికి 17 మంది." అంతే. ఇంకో సంగతి, మీ గ్రూపులో అద్దెకుండేవాళ్లు ఉన్నారా చూడండి. చాలా అసోసియేషన్లలో ఇళ్ల యజమానులే గ్రూపులో ఉంటారు, వాళ్లలో సగం మంది వేరే ఊళ్లోనో అమెరికాలోనో ఉండి అక్కడి నుంచి బొటనవేలు నొక్కుతుంటారు. మీ అరవైలో అవి ఎన్నో లెక్క చూసుకోండి. అదే క్యాప్షన్ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద ప్రింటు తీసి లిఫ్ట్ దగ్గర, కిరాణా షాపు దగ్గర అంటించండి. హిందీ మాట్లాడే కుటుంబాలు ఉంటే వాళ్లకు వేరే మెసేజ్‌గా పంపండి, ఒకే దాంట్లో రెండు భాషలు కలిపితే రెండూ పొడుగైపోతాయి.

వాన లైను గురించి అడుగుతారేమో. జూలైలో పెడితే ఆ లైను తప్పదు. "వాన పడితే రద్దు" అని మాత్రం రాయకండి, శనివారం రాత్రి నాలుగు చినుకులు పడగానే అందరూ రద్దయిందని పడుకుంటారు. నిర్ణయం ఎన్నింటికి, ఎక్కడ చెబుతారో అది రాస్తే చాలు, ఆరింటికి లేచి చూసుకుంటారు.

ముగిశాక అదే రోజు పదకొండు లోపు ముందు ఫోటో, తర్వాత ఫోటో ఒకే చోట నిలబడి తీసినవి పెట్టి, ఎన్ని బస్తాలో, ఎవరెవరి ఇళ్ల నుంచి వచ్చారో నంబర్లతో రాయండి. దాని కిందే పనిముట్ల లెక్క కూడా వేయండి. పన్నెండు పారల్లో మాకు ఇప్పుడు పదకొండే ఉన్నాయి. ఎర్ర పట్టీ ఉన్న ఆ పన్నెండోది ఎవరింటి పెరట్లో ఉందో టీచర్ గారికి తెలుసట, అడిగితే నవ్వి ఊరుకుంటున్నారు.